సికిల్ సెల్ పిల్లలకు హైడ్రాక్సీయూరియా: కిలో లెక్కన మొదలుపెట్టి, కౌంట్ చూసి పెంచడం ఎలా

ఇది హైడ్రాక్సీయూరియా చీటీ రాయాల్సిన డాక్టర్ల కోసం, ముఖ్యంగా రక్తవ్యాధుల నిపుణులు దగ్గర్లో లేని చోట పనిచేసేవారి కోసం రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివినా మంచిదే. కానీ ఈ లెక్కలు చూసి ఇంట్లో డోసు మార్చకండి. ఇందులో ప్రతి మార్పుకూ ముందొక రక్తపరీక్ష, తర్వాతొక రక్తపరీక్ష ఉంటాయి. అవి లేకుండా ఈ మందు పెంచడమంటే కళ్లు మూసుకుని మెట్లెక్కడమే.

నేను ఎక్కువగా చూసే పొరపాటు ఎక్కువ డోసు ఇవ్వడం కాదు. కిలోకి 20 మి.గ్రా.తో మొదలుపెట్టి, పిల్ల కాస్త కుదుటపడగానే అక్కడే వదిలేయడం. రెండేళ్ల తర్వాత మళ్లీ నొప్పులు మొదలవుతాయి. "మందు పనిచేయడం లేదండీ" అని చీటీ పట్టుకుని వస్తారు. పాప బరువు పెరిగి ఉంటుంది, చీటీ మీద అంకె మాత్రం మారి ఉండదు. 2020లో వెలువడిన ఉగాండా అధ్యయనం దీన్ని స్పష్టంగా చూపించింది. కొందరు పిల్లలకు కిలోకి దాదాపు 20 మి.గ్రా. దగ్గరే ఉంచారు, మిగతావారికి కౌంట్ చూస్తూ సుమారు 30 వరకు పెంచారు. హిమోగ్లోబిన్ 9 గ్రాములకైనా, పిండ హిమోగ్లోబిన్ 20 శాతానికైనా చేరినవాళ్లు పెంచిన గుంపులో 86 శాతం, పెంచని గుంపులో 37 శాతం. కౌంట్లు పడిపోవడం మాత్రం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంది.

ఇక్కడ చెప్పేదంతా ఎస్‌ఎస్ రకం, ఎస్-బీటా జీరో తలసీమియా రకం పిల్లలకు. ఎస్‌సీ రకానికి లెక్కలు వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. పక్షవాతం ముప్పు ఉండి రక్తం ఎక్కించుకుంటున్న పిల్లల్ని ఈ మందుకు మార్చడం కూడా వేరే పని. దాన్ని నిపుణుల చేతికే వదలండి.

మొదలుపెట్టే ముందు

అమెరికా జాతీయ హృదయ, శ్వాసకోశ, రక్త సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు, నొప్పులు తీవ్రంగా ఉన్నా లేకపోయినా, ఈ మందు ఇవ్వవచ్చని తల్లిదండ్రులకు చెప్పాలి. కాబట్టి "ఇంకా చిన్నపిల్ల కదా" అని వాయిదా వేయనక్కర్లేదు.

మొదటి చీటీకి ముందు రక్తం ఒకసారి పూర్తిగా చూడండి. సీబీపీ, అందులో తెల్లకణాల విడి లెక్క, రెటిక్యులోసైట్ కౌంట్, పిండ హిమోగ్లోబిన్ శాతం, క్రియాటినిన్, కాలేయ పరీక్ష. ఎదిగిన ఆడపిల్లయితే గర్భపరీక్ష కూడా చేయించి, గర్భనిరోధం గురించి ముందే మాట్లాడండి. ఇవన్నీ లాంఛనం కాదు. రేపు కౌంట్ తగ్గిందో లేదో తేల్చేది ఈ మొదటి కాగితమే. కిడ్నీ మందగించి ఉంటే మందు ఒంట్లో నిలిచిపోతుంది కాబట్టి మామూలు డోసుతో మొదలుపెట్టకూడదు. క్రియాటినిన్ క్లియరెన్స్ 60 కంటే తక్కువైతే డోసు సగానికి తగ్గించాలి.

ఈ పరీక్షలు పిల్ల బాగున్న రోజున చేయించండి. జ్వరంలోనో, నొప్పిలోనో, ఈమధ్యే రక్తం ఎక్కించాకో తీసిన నమూనా ఆ పిల్ల మామూలు స్థితిని చూపదు.

పొట్ట మీద చెయ్యి వేసి ప్లీహం ఎన్ని సెంటీమీటర్లు తగులుతోందో రాసిపెట్టండి. చాలామంది దీన్ని మర్చిపోతారు. పెద్ద ప్లీహం ప్లేట్‌లెట్లనూ తెల్లకణాలనూ తనలో పట్టి ఉంచుతుంది. తర్వాత కౌంట్లు తక్కువ కనిపిస్తే అది మందు వల్లనా, ప్లీహం వల్లనా అన్న ప్రశ్న వస్తుంది. ఆ రోజు ఈ సెంటీమీటర్ల అంకె లేకపోతే జవాబు దొరకదు.

మొదటి డోసు: కిలోకి 20

పిల్లలకు మొదటి డోసు కిలో బరువుకు రోజుకు 20 మి.గ్రా., రోజుకు ఒక్కసారి. పెద్దవాళ్లకు 15తో మొదలుపెడతారు. పెద్దల పట్టిక చూసి పిల్లలకు 15 రాసేవాళ్లు ఉంటారు, జాగ్రత్త. బరువు ఆ రోజే తూచండి. "కిందటిసారి ఎంత ఉందమ్మా?" అని అడిగి రాయకండి.

ఒక పాపతో లెక్క వేద్దాం. ఏడేళ్ల పాప, ఎస్‌ఎస్ రకం, బరువు 18 కిలోలు. ఇరవై పద్దెనిమిదులు 360. అంటే రోజుకు 360 మి.గ్రా. మి.లీ.కి 100 మి.గ్రా. ఉన్న ద్రవరూపం మందు దొరికితే 3.6 మి.లీ. పని తేలిక.

500 మి.గ్రా. క్యాప్సూల్ తప్ప ఏదీ దొరకనప్పుడు వారం మొత్తానికి లెక్క కట్టండి. రోజుకు 360 అంటే వారానికి 2,520. ఐదు క్యాప్సూల్స్ అంటే 2,500. వారంలో ఐదు రోజులు ఒక్కో క్యాప్సూల్, రెండు రోజులు ఖాళీ. సగటు కిలోకి 19.8 వస్తుంది, సరిపోతుంది. ఖాళీ రోజులు పక్కపక్కన రాకుండా, బుధవారం, ఆదివారం అన్నట్టు రెండు రోజులు కట్టుగా చెప్పండి. "ఐదు రోజులు వేయండి" అని ఊరికే చెబితే, ఇవాళ వేసే రోజా కాదా అన్న తికమకలో వారం గడిచిపోతుంది. పాప క్యాప్సూల్ మింగలేకపోతే తల్లి దాన్ని విప్పి పొడి కలపడం మొదలుపెడుతుంది. అది కణవిభజనను ఆపే మందు. విప్పక తప్పనప్పుడు గ్లౌజులు వేసుకోవాలి, పొడి ఎగరకూడదు, గర్భిణులు ముట్టుకోకూడదు. ఈ మాట మీరే ముందు చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

ద్రవం రాసేటప్పుడు చీటీ మీద మూడూ ఉండాలి: ఎన్ని మి.గ్రా., మి.లీ.కి ఎంత గాఢత, ఎన్ని మి.లీ. ఒకప్పుడు నేను మి.లీ. ఒక్కటే రాసి పంపాను. మందుల షాపువాళ్లు వేరే గాఢత కట్టి ఇచ్చారు, అంకె మాత్రం అదే వాడారు. రెండు నెలలు ఆ బాబు సగం డోసు మీదే ఉన్నాడు. తప్పు షాపుదా, నాదా అంటే, గాఢత రాయనిది నేనే. ఇంకొకటి, స్పూన్లతో కొలవనివ్వకండి. సూది లేని సిరంజి ఇచ్చి, గీత ఎక్కడిదాకా లాగాలో పెన్నుతో గుర్తు పెట్టి పంపండి.

మరుసటి రోజు గుర్తొస్తే నిన్నటి డోసు పోయినట్టే. రెండూ కలిపి వేయకూడదు. అన్నానికి ముందా తర్వాతా అని అడుగుతారు, ఎప్పుడైనా ఫర్వాలేదు. రోజూ ఒకే వేళకు అలవాటు చేసుకుంటే చాలు.

నాలుగో వారం చూడ్డానికి, ఎనిమిదో వారం పెంచడానికి

డోసు మార్చుతున్న కాలంలో కనీసం నాలుగు వారాలకోసారి సీబీపీ, విడి లెక్క, రెటిక్ కౌంట్ చూడాలి. పెంచే నిర్ణయం మాత్రం ఎనిమిది వారాలకోసారి. ఈ తేడా మనసులో పెట్టుకోండి. నాలుగో వారం కాగితం భద్రత కోసం, ఎనిమిదో వారం కాగితం నిర్ణయం కోసం. నాలుగో వారానికి కౌంట్ ఇంకా దిగుతూనే ఉండవచ్చు. అప్పుడే పెంచితే పాత డోసు ప్రభావం మీద కొత్తది పడి, రెండూ కలిసి ఎముక మజ్జను ఒక్కసారిగా నొక్కేస్తాయి.

చూడాల్సిన అంకె మొత్తం తెల్లకణాల లెక్క కాదు, న్యూట్రోఫిల్స్ అసలు సంఖ్య. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్ శాతంతో గుణించి నూరుతో భాగిస్తే వస్తుంది. లింఫోసైట్లు ఎక్కువున్న చిన్నపిల్లల్లో మొత్తం కౌంట్ 9,000 కనిపించినా అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతమే ఉంటే అసలు సంఖ్య 1,800. మొత్తం చూసి మురిసిపోతే మోసపోతాం.

మన గురి న్యూట్రోఫిల్స్ 2,000 నుంచి 4,000 మధ్యకు తేవడం. మజ్జ కాస్త అణిగిందనడానికి అదే గుర్తు. ఆ గురి చేరేదాకా ఎనిమిది వారాలకోసారి కిలోకి 5 మి.గ్రా. చొప్పున పెంచుతాం, 20 నుంచి 25, 25 నుంచి 30. గరిష్ఠం 35. న్యూట్రోఫిల్స్ 4,000 పైన ఉండి, ప్లేట్‌లెట్లు, రెటిక్ కౌంట్ నిలకడగా ఉంటే పెంచండి. 2,000, 4,000 మధ్యకు వస్తే ఆగండి. అదే ఆ బిడ్డ డోసు.

2,000 కంటే కాస్త దిగితే? మందుతో వచ్చే పత్రం 2,000 లోపైతే ఆపమంటుంది. 2014 మార్గదర్శకాలు మాత్రం మొదటి నుంచీ కౌంట్ తక్కువగా ఉండే చిన్నపిల్లలు 1,250 వరకు సురక్షితంగా తట్టుకోగలరని చెబుతాయి. నేను ఆ మధ్య అంకెల్లో డోసు పెంచను, వారం రెండు వారాల్లో మళ్లీ చూస్తాను. 1,000 లోపు వస్తే ఏ వాదనా లేకుండా ఆపేస్తాను. ప్లేట్‌లెట్లు 80,000 లోపు వచ్చినా ఆపాల్సిందే. హిమోగ్లోబిన్ 9 కంటే తక్కువ ఉన్న పిల్లలో రెటిక్ కౌంట్ 80,000 లోపుకు దిగినా అంతే. ఈ మూడోదాన్ని చాలామంది చూడరు. సికిల్ సెల్ బిడ్డ బతికేదే కొత్త ఎర్రకణాలు ఎడతెగకుండా రావడం మీద. రెటిక్ కౌంట్ పడిపోయిందంటే కొద్ది రోజుల్లో హిమోగ్లోబిన్ కూడా పడిపోతుందని ముందే తెలిసినట్టు.

కాగితం మీది అంకెను నమ్మే ముందు

పెంచే నిర్ణయానికి ముందు మూడు సంగతులు చూసుకోండి.

ఒకటి, ఆ రోజు పిల్ల బాగుందా? ఇన్ఫెక్షన్లో, నొప్పిలో, స్టెరాయిడ్ తీసుకుంటున్నప్పుడు న్యూట్రోఫిల్స్ పైకి పోతాయి. అసలు 3,000 ఉండాల్సింది 7,000 కనిపిస్తుంది. దాన్ని చూసి పెంచితే, జ్వరం తగ్గిన రెండు వారాలకు కౌంట్ పాతాళానికి పోతుంది. కోలుకున్నాక మళ్లీ తీయించండి.

రెండు, కేంద్రకమున్న ఎర్రకణాలు. ఎర్రకణాలు పాడైపోతుంటే సికిల్ సెల్ పిల్లల మజ్జ పక్వానికి రాని కణాలను కూడా బయటికి తోసేస్తుంది. కొన్ని యంత్రాలు వాటిని తెల్లకణాలుగా లెక్కేస్తాయి. నూరు తెల్లకణాలకు 25 ఇలాంటివి ఉండి, యంత్రం 15,000 చూపిస్తే, 15,000ను 100తో గుణించి 125తో భాగించండి. అసలు సంఖ్య 12,000. పెంచుదామని నిర్ణయించుకోవడానికి ముందు ల్యాబ్‌కి ఫోన్ చేసి, "సరిచేసిన లెక్కేనా ఇది?" అని అడగడానికి అరనిమిషం పడుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం: మందు కడుపులోకి పోతోందా? ఎనిమిది వారాలైనా న్యూట్రోఫిల్స్ కదల్లేదంటే రెండు అర్థాలు ఉండవచ్చు, డోసు చాలకపోవడం, లేదా పాప మందు తాగకపోవడం. దీన్ని తేల్చే సాక్షి ఎంసీవీ. మందు తాగుతున్న పిల్లలో ఎర్రకణాలు పెద్దవవుతాయి, ఎంసీవీ మెల్లగా పైకెక్కుతుంది. కౌంటూ కదలక, ఎంసీవీ కూడా కదలకపోతే డోసు పెంచకండి. అలా పెంచాక ఒకరోజు అమ్మమ్మ ఇంటికి వచ్చి మందు కచ్చితంగా పట్టించడం మొదలుపెడితే, 20కే అలవాటు పడని మజ్జ మీద ఒక్కసారిగా 30 పడుతుంది. ఆల్ఫా తలసీమియా లక్షణమో, ఇనుము లోపమో ఉన్న పిల్లల్లో ఎంసీవీ అంతగా పెరగదు, కాబట్టి అదొక్కటే పట్టుకుని తల్లిని దోషిని చేయకండి. సీసా లెక్క కూడా అడగండి. రోజుకు 3.6 మి.లీ. అంటే 100 మి.లీ. సీసా 27 రోజులకు అయిపోవాలి. రెండు నెలలకు ఒక్క సీసాతోనే సరిపెట్టారంటే సగం రోజులు తప్పినట్టే. ఇది తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. పాప కక్కేస్తోందో, సీసా దొరకలేదో, నాన్నమ్మ భయపడిందో, కారణం తెలిస్తే సరిచేయవచ్చు.

మన పాప ఆరు నెలల కథ

ఆ 18 కిలోల పాప దగ్గరికి వద్దాం. మొదటి కాగితంలో హిమోగ్లోబిన్ 7.4, తెల్లకణాలు 14,200, న్యూట్రోఫిల్స్ 52 శాతం, అంటే దాదాపు 7,400. ప్లేట్‌లెట్లు 4,10,000. ఎంసీవీ 84. పిండ హిమోగ్లోబిన్ 7 శాతం. మందు 360 మి.గ్రా.

నాలుగో వారం: తెల్లకణాలు 11,600, న్యూట్రోఫిల్స్ 50 శాతం, 5,800. ప్లేట్‌లెట్లు తగ్గినా 3,60,000 ఉన్నాయి. ఎంసీవీ 89. మార్పు చేయలేదు, అదే డోసు.

ఎనిమిదో వారం: తెల్లకణాలు 10,400, న్యూట్రోఫిల్స్ 48 శాతం, దాదాపు 5,000. పాప బాగుంది, జ్వరం లేదు, సీసాల లెక్క సరిపోయింది. గురి 4,000 కింద, కాబట్టి పెంచాలి. బరువు మళ్లీ తూస్తే 18.4. ఇరవై ఐదుతో గుణిస్తే 460 మి.గ్రా., అంటే 4.6 మి.లీ. పాత బరువుతో లెక్క కట్టి ఉంటే 450 వచ్చేది. ఈసారి తేడా చిన్నదే, కానీ ప్రతి మెట్టు దగ్గరా తూచే అలవాటు ఇక్కడే పడాలి.

పన్నెండో వారం కౌంట్లు సవ్యంగానే ఉన్నాయి. పదహారో వారం: తెల్లకణాలు 9,600, న్యూట్రోఫిల్స్ 46 శాతం, సుమారు 4,400. హిమోగ్లోబిన్ 8.6, ఎంసీవీ 98, ప్లేట్‌లెట్లు 2,90,000. ఇక్కడ చెయ్యి ఆగుతుంది. గురికి నాలుగు వందలే దూరం. పెంచాలా, ఆగాలా? నాకైతే రెండు వాదనలూ న్యాయంగానే తోస్తాయి. పెంచితే మజ్జ ఇంకా తట్టుకోగలదని తెలుస్తుంది. ఆగితే, అప్పటికే బాగుపడుతున్న పాపను కదిలించనట్టవుతుంది. ప్లేట్‌లెట్లకు ఢోకా లేదు, రెటిక్ కౌంట్ 1,60,000 ఉంది, నాలుగు వారాలకు మళ్లీ వస్తామని తల్లి మాట ఇచ్చింది. అందుకే పెంచాం. బరువు 18.6, కిలోకి 30 చొప్పున 558. కొలవడానికి వీలుగా 560 మి.గ్రా., అంటే 5.6 మి.లీ. ఆ నాలుగు వారాల పరీక్షకు రాలేని కుటుంబమైతే నేను 25 దగ్గరే ఆగి ఉండేవాణ్ణి.

కౌంట్ పడిన రోజు

ఇరవయ్యో వారం కాగితం: తెల్లకణాలు 4,100, న్యూట్రోఫిల్స్ 22 శాతం. లెక్క కడితే 902. ప్లేట్‌లెట్లు 1,40,000, హిమోగ్లోబిన్ 8.3, రెటిక్ కౌంట్ 90,000. కిందటి వారం ముక్కు కారిందని, జ్వరం మాత్రం రాలేదని తల్లి చెప్పింది.

చేయాల్సింది ఇది. ఆ సాయంత్రం నుంచే మందు ఆపండి. వారానికోసారి సీబీపీ, రెటిక్ కౌంట్ తీయించండి. తల్లికి ఒక్క మాట కచ్చితంగా చెప్పి పంపండి: ఈ రోజుల్లో ఒంట్లో వేడి 38.5 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి. నిజానికి సికిల్ సెల్ బిడ్డకు ఈ నియమం ఎప్పుడూ ఉన్నదే. ప్లీహం సరిగ్గా పనిచేయని పిల్లల్లో రక్తంలో ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. న్యూట్రోఫిల్స్ తగ్గిన వారంలో ఆ భయం రెట్టింపు.

భయపడి తల్లిదండ్రులు మందును మొత్తానికే మానిపించేస్తారేమో చూసుకోండి. ఈ పడిపోవడం చాలావరకు తాత్కాలికం. మందు ఆపితే ఒకటి రెండు వారాల్లో కౌంట్ లేస్తుంది. మన పాపకు వారానికే తెల్లకణాలు 6,200, న్యూట్రోఫిల్స్ 38 శాతం, దాదాపు 2,350 అయ్యాయి.

మళ్లీ ఎంతతో మొదలుపెట్టాలి? 2014 మార్గదర్శకాల మాట సూటిగా ఉంది: కౌంట్ పడినప్పుడు ఇచ్చిన డోసు కంటే కిలోకి 5 తగ్గించి మొదలుపెట్టండి. అనుభవమున్న కొందరు, జలుబు వంటి కారణం ఎదుటే ఉండి వారంలోపే కోలుకుంటే, అదే డోసుతో మళ్లీ మొదలుపెడతారు. నేను తగ్గించే పక్షం. పదహారో వారంలోనే గురికి దగ్గరున్న పాప ఇది, పైగా రెటిక్ కౌంట్ కూడా దిగింది. బరువు 18.8, కిలోకి 25 చొప్పున 470 మి.గ్రా., 4.7 మి.లీ.

ఇక్కడే ఒక తేడా గుర్తు పట్టాలి. న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు బాగానే ఉండి, హిమోగ్లోబిన్ రెండు గ్రాములు పడి, రెటిక్ కౌంట్ దాదాపు సున్నాకు పోతే అది డోసు ఎక్కువైన తీరు కాదు. పార్వోవైరస్ బి19ను అనుమానించండి. అది ఎర్రకణాల మూలాన్నే కొడుతుంది, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. అలాగే ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ రెండూ ఒక్కసారిగా పడి, రెటిక్ కౌంట్ మాత్రం ఎక్కువే ఉంటే పొట్ట తడిమి చూడండి. మొదటి రోజు రెండు సెంటీమీటర్లున్న ప్లీహం ఆరుకు పెరిగి ఉంటే రక్తం అందులో చిక్కుకున్నట్టు. అది అత్యవసరం, హైడ్రాక్సీయూరియా లెక్కలతో పని లేదు.

మామూలు జ్వరానికో, నొప్పికో ఆసుపత్రిలో చేరినప్పుడు మందు ఆపే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆపనక్కర్లేదు. కౌంట్లు పైన చెప్పిన హద్దుల్లో ఉంటే పడకలోనూ మందు సాగాలి. డిశ్చార్జి చీటీలో ఆ ఒక్క గీత మర్చిపోవడం వల్ల నెలల తరబడి మందు ఆగిపోయిన పిల్లలు ఉన్నారు.

డోసు కుదిరాక

ఇరవై తొమ్మిదో వారానికి, 25 మీద ఎనిమిది వారాలు గడిచాక, పాప న్యూట్రోఫిల్స్ 3,100. హిమోగ్లోబిన్ 9.2, ఎంసీవీ 104, పిండ హిమోగ్లోబిన్ 21 శాతం. ఈ పాప డోసు కిలోకి 25 అని తేలింది. పక్కింటి బాబుకు 30 కుదిరిందని ఈమెకు 30 ఇవ్వలేం, అతన్ని 25లో ఉంచలేం. ఎవరి మజ్జ ఎంత తట్టుకుంటే అంత.

ఇక్కడి నుంచి రక్తపరీక్ష రెండు మూడు నెలలకోసారి చాలు. మందు ఫలించిందా లేదా అన్న తీర్పుకు తొందరపడకండి. తట్టుకోగల గరిష్ఠ డోసు మీద కనీసం ఆరు నెలలు చూశాకే పనిచేయలేదనే మాట ఎత్తాలి. గోళ్లు నల్లబడటం, జుట్టు కాస్త పలచబడటం కనిపించవచ్చు, వాటికోసం డోసు తగ్గించనక్కర్లేదు.

ఏడాది దాటాక ఆ పాప మళ్లీ వచ్చింది. రెండు నెలల్లో రెండుసార్లు నొప్పి. న్యూట్రోఫిల్స్ 4,900, ఎంసీవీ 97, పిండ హిమోగ్లోబిన్ 16. "ఒక్కరోజూ తప్పలేదు డాక్టర్ గారూ," అంది తల్లి. ఖాళీ సీసాలు సంచిలో తెచ్చింది, లెక్క పెడితే సరిపోయాయి. త్రాసు మీద నిలబెడితే 22 కిలోలు. చీటీలో ఇంకా 470 మి.గ్రా.యే ఉంది. 470ని 22తో భాగిస్తే 21.4. పాప ఏమీ చేయకుండానే 25 నుంచి దాదాపు మొదటి మెట్టుకు జారిపోయింది. ఇది కొత్త మెట్టు ఎక్కడం కాదు, ఉన్న మెట్టుకు తిరిగి చేర్చడం. ఇరవై రెండును ఇరవై ఐదుతో గుణించి 550, 5.5 మి.లీ. రాశాం. అయినా ఇచ్చే మందు పెరిగింది కాబట్టి నాలుగు వారాలకు సీబీపీ తప్పదని తల్లికి చెప్పాం. ఆ కాగితంలో న్యూట్రోఫిల్స్ 3,300. చీటీ పైభాగంలో ఇప్పుడు డోసు పక్కనే తూచిన తేదీ, బరువు కూడా రాస్తున్నాం.